పేజీన్నర పరాక్రమం

సీఏ ఫైనల్ ఫలితాలు వచ్చాక వారం పాటు వెంగళరావు నగర్‌లో జిరాక్సు షాపుల వైపు వెళ్ళకపోవడం మంచిది. ఆధార్ కార్డు నకలు తీయించుకుందామని వెళ్ళిన పెద్దమనిషి అరగంట నిలబడాల్సి వస్తుంది. ముందున్న కుర్రాడు తన రెజ్యూమేలో ‘అసిస్టెడ్’ అన్న మాట తీయించి ‘హ్యాండిల్డ్’ అని కొట్టిస్తుంటాడు. ప్రింటు చేతికొచ్చాక ఓసారి చూసుకుని, పెదవి విరిచి, ‘హ్యాండిల్డ్’ కూడా తీయించి ‘లెడ్’ అని పెట్టమంటాడు. రెండేళ్ళ ఆర్టికల్‌షిప్‌లో రాని ప్రమోషన్లు రెండూ షాపువాడి కీబోర్డు మీద అరగంటలో వచ్చేస్తాయి. నకలుకి మాత్రమే డబ్బు తీసుకుంటాడు, ప్రమోషన్‌కి ఏమీ తీసుకోడు, పాపం.

జలగం వెంగళరావు గారి పేరు మోస్తున్న ఈ కాలనీకి ఒకపక్క ఎస్సార్ నగర్, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు. ఇంకోపక్క యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఆ పైన ఫిల్మ్ నగర్. కాబట్టి ఇక్కడి హాస్టళ్ళలో ఒకే మెట్ల మీద రెండు రకాల కుర్రాళ్ళు ఎదురుపడుతుంటారు. సినిమాలో ఛాన్సు కోసం ఫొటో ఆల్బం చంకన పెట్టుకుని తిరిగేవాడొకడు, ఉద్యోగం కోసం రెజ్యూమే ఫైల్లో పెట్టుకుని తిరిగేవాడొకడు. ఇద్దరిలో నిజాయితీపరుడెవరంటే నా ఓటు మొదటివాడికే. ఆల్బంలో ఎంత మేకప్ వేసినా మొహం వాడిదే.

ముప్పై ఏళ్ళకు పైగా ఆడిట్లు చేసి రిటైరైనవాణ్ణి కనక ఈ కుర్రాళ్ళు తమ రెజ్యూమేలు తెచ్చి చూపిస్తారు. చూడమని తెస్తారు గానీ వాళ్ళకి కావలసింది ఆశీర్వాదం. నేను చదవడం మొదలుపెట్టేసరికి కంగారుపడతారు. ఇక్కడ నేను చెప్పబోయే రెజ్యూమే ఏ ఒక్కడిదీ కాదు. పదిమందివి తెచ్చి ఒకటిగా కుట్టాను. కుట్టడం ఏమంత కష్టం కాలేదు, పదీ ఒకే తాను నుంచి కత్తిరించినవే కదా.

అందులో ‘ఆర్టికల్‌షిప్ అనుభవం’ అన్న శీర్షిక కింద ఉన్నది ఇదీ: “నూట ఎనభైకి పైగా టాక్స్ ఆడిట్లు స్వతంత్రంగా నిర్వహించాను. ఇరవై కంపెనీల స్టాట్యుటరీ ఆడిట్లకు నాయకత్వం వహించాను. జీఎస్‌టీ ఆడిట్లలో సమగ్ర అనుభవం. ప్రముఖ సినీ నిర్మాణ సంస్థల పన్ను వ్యవహారాల్లో విస్తృతమైన ఎక్స్‌పోజర్.” ఉత్తరకుమారుడు బతికుంటే వచ్చి ఈ కుర్రాడి దగ్గర ఆర్టికల్‌గా చేరేవాడు.

ముందు ఆ నూట ఎనభై సంగతి చూద్దాం. లెక్కలవాడు కాబట్టి లెక్కే అడుగుదాం. 2023 జులై నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ రెండేళ్ళు. రెండేళ్ళంటే రెండు సెప్టెంబర్లు, ఎందుకంటే టాక్స్ ఆడిట్ రిపోర్టుకి మామూలు గడువు సెప్టెంబర్ 30. ఇతను పనిచేసింది ఒకే ఒక్క సీఏ ఉన్న ఆఫీసులో. ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఏడాదికి 44ఏబీ కింద అరవై టాక్స్ ఆడిట్ల కన్నా ఎక్కువ చేయకూడదని ఇన్‌స్టిట్యూట్ హద్దు పెట్టింది. అరవై రెళ్ళు నూట ఇరవై. ఆ ఆఫీసులో ఉన్న ప్రతి ఫైలూ ఈ అబ్బాయే చేశాడనుకున్నా, మిగతా వాళ్ళంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారనుకున్నా, నూట ఇరవై దాటదు. మిగతా అరవై ఆడిట్లకి సంతకం పెట్టినదెవరు? ప్రతి రిపోర్టుకీ యూడీఐఎన్ అని ఒక నంబరు పుట్టించాలి, అది సభ్యుడి పేరు మీదే పుడుతుంది. నంబరు లేని రిపోర్టు తండ్రి పేరు లేని దరఖాస్తు లాంటిది, ఎవరూ తీసుకోరు. కాబట్టి ఆ అరవై అయితే అబద్ధమన్నా అయుండాలి, లేదంటే వాళ్ళ సార్ మీద ఇన్‌స్టిట్యూట్‌కి పంపదగిన ఫిర్యాదన్నా అయుండాలి. తనకి ఉద్యోగం రావడం కోసం గురువు సర్టిఫికెట్‌కే ఎసరు పెట్టిన శిష్యుణ్ణి పురాణాల్లో కూడా చూడలేదు.

సరే, లెక్కలో గంటలు కూడా చూద్దాం. ఆగస్టు 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా నలభై ఏడు రోజులు. సీజన్‌కి తొంభై చొప్పున చేశాడంటే ఆదివారాలు, వినాయక చవితి, నిమజ్జనం అన్నీ కలుపుకుని రోజుకి దాదాపు రెండు. ఫారం 3సీడీలో 44 క్లాజులు. ఈ వేగంతో క్లాజు చదవడం కూడా కుదరదు, కిందటేడాది ఫైలు తెరిచి తేదీలు మార్చడం మాత్రమే కుదురుతుంది. జరిగింది కూడా అదే. నేను అడిగితే ఒప్పుకున్నాడు, దాచలేదు. రెజ్యూమే అబద్ధమాడుతుంది గానీ రెజ్యూమే ఇచ్చినవాడు ఆడడు. ఈ కుర్రాళ్ళలో నాకు నచ్చేది ఇదే.

“ఇన్ని ఆడిట్లలో నువ్వు ఏం పట్టుకున్నావు నాయనా?” అన్నాను.

“పట్టుకోవడమంటే ఏంటి సార్?”

“తప్పు. తేడా. ఏదన్నా.”

చాలాసేపు ఆలోచించాడు. “ఒకచోట మాత్రం సార్… ఇంటీరియర్స్ కాంట్రాక్టర్ ఒకాయన ఫైల్లో క్యాష్ వోచర్లు చూస్తుంటే ఒకే హార్డ్‌వేర్ షాపుకి ఒకే రోజు మూడు వోచర్లు కనిపించాయి. ఒక్కోటి తొమ్మిది వేల తొమ్మిది వందలు. నాకెందుకో తేడాగా అనిపించి ఆ షాపు లెడ్జర్ ఒక్కటే తీసి తేదీల వారీగా పెట్టాను. ఏడాదిలో అలాంటి రోజులు పదకొండు ఉన్నాయి.”

ఒక రోజులో ఒకే మనిషికి ఖర్చు కింద పదివేలకి మించి నగదు ఇస్తే, 40ఏ(3) కింద ఆ ఖర్చుని ఆదాయంలోంచి తీసేయడానికి ఒప్పుకోరు. వోచరు పదివేల లోపు ఉంటే చాలని ఆ కాంట్రాక్టరు గుమాస్తా అనుకున్నాడు. చట్టం వోచరుని చూడదు, రోజంతా కలిపి చూస్తుంది. రోజుకి 29,700. పదకొండు రోజులకి 3,26,700. ఈ అబ్బాయి ఆ లిస్టు తీసుకెళ్ళి సార్‌కి చూపించాడు, సార్ పార్టీతో మాట్లాడాడు, 3సీడీలో క్లాజు 21(డి) దగ్గర ఆ మొత్తం చేరింది. దాన్ని ఆడిట్ అంటారు. మూడు వోచర్లు చూసి అనుమానపడటం, ఒక్క లెడ్జర్ తీసి తేదీల వరసలో పెట్టడం, దొరికినదాన్ని ఏడాది మొత్తానికి చాచి చూడటం, రిపోర్టులో అది ఎక్కడికి వెళ్ళాలో తెలియడం. ముప్పై ఏళ్ళు నేను చేసింది కూడా ఇంతకన్నా పెద్దదేం కాదు.

“ఇది రెజ్యూమేలో ఎక్కడుంది?”

“లేదు సార్. మూడు లక్షలే కదా, చిన్నది.”

ఏమీ దొరకని నూట ఎనభై ఆడిట్లు పెద్దక్షరాల్లో ఉన్నాయి. దొరికిన ఒక్కటి లేదు!

ఇక జీఎస్‌టీ ఆడిట్లలో సమగ్ర అనుభవం. ఇది మరీ అద్భుతం. సీఏ సంతకంతో జరగాల్సిన ఆ ఆడిట్‌ని పార్లమెంటు తీసేసి చాలాకాలమైంది. చట్టంలోని 35(5) ని 2021 ఆగస్టు 1 నుంచి తొలగించారు. 2020–21 ఆర్థిక సంవత్సరం నుంచి జీఎస్‌టీఆర్-9సి మీద వ్యాపారి తనే సంతకం పెట్టుకుంటున్నాడు. ఈ అబ్బాయి ఆర్టికల్‌గా చేరింది ఆ తర్వాత ఎన్నాళ్ళకో. అంటే పోయినవాళ్ళతో ముఖాముఖి మాట్లాడానని చెప్పుకునే వాళ్ళ కోవలోకి వస్తాడు. శాఖవాళ్ళు సెక్షన్ 65 కింద చేసే ఆడిట్ ఇంకా ఉంది, నిజమే. కానీ అది అధికారులు చేసేది, మన కుర్రాడు ఫైళ్ళు మోసి వాళ్ళ బల్ల మీద పెట్టేది. ఫైళ్ళు మోయడం కూడా అనుభవమే గానీ ‘సమగ్ర’ అన్నమాట దానికి కొంచెం బరువెక్కువ.

అసలు చేసిందేమిటంటే నెలనెలా కొనుగోళ్ళ రిజిస్టరుని 2బితో పోల్చడం. అమ్మినవాడు తన రిటర్న్‌లో ఇన్వాయిసు చూపిస్తేనే అది కొన్నవాడి 2బిలో కనిపిస్తుంది. 2022 జనవరి నుంచి అక్కడ కనిపించకపోతే కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకునే వీల్లేదు. కాబట్టి ఏ నెలలో ఎన్ని ఇన్వాయిసులు కనిపించలేదు, వాటిలో అమ్మినవాడు మర్చిపోయినవెన్ని, జీఎస్‌టీ నంబరు తప్పు కొట్టినవెన్ని, అసలు రిటర్నే వేయకుండా మాయమైనవాడెవడు అని వెతికి, ఫోన్లు చేసి, బతిమాలి, పార్టీ చేత మిగతా డబ్బు ఆపించడం అనే పని ఉంది. ఈ పనిని ఆ కుర్రాడు ఇరవై నాలుగు నెలలు చేశాడు. రెజ్యూమేలో దానికి చోటు లేదు. చేయనిదానికి ఉంది. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాడికి కాస్త తెలిసుంటే ‘జీఎస్‌టీ ఆడిట్’ అన్న రెండు మాటలు చాలు, ఇతని చట్టజ్ఞానం ఏ సంవత్సరంలో ఆగిపోయిందో తెలిసిపోతుంది.

నాయకత్వం వహించిన ఇరవై స్టాట్యుటరీ ఆడిట్ల గురించి ఎక్కువ చెప్పను. వాటిలో ఇతని వంతు ఎప్పుడూ ‘క్యాష్ అండ్ బ్యాంక్’. ఆఫీసులో అందరికన్నా చిన్నవాడికి అదే ఇస్తారు, తేలికని. ఆ తేలిక పనిలోనే ఈ హైదరాబాదు పరువు ఒకసారి పోయింది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరంలో లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు. బ్యాంకులకి రాయాల్సిన ధ్రువీకరణ ఉత్తరాల వ్యవహారాన్ని ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా ఎస్‌ఈసీ 2011లో తేల్చింది. అందుకని నేను ఎవరినైనా అడిగేది ఒక్కటే: “బ్యాంకు కన్ఫర్మేషన్ ఉత్తరం పంపిందెవరు, జవాబు ఎవరి చేతికొచ్చింది?” ఇతను నవ్వుతూ, “క్లయింటు అకౌంటెంటే తెచ్చిచ్చాడు సార్, చాలా మంచాయన” అన్నాడు. ఇరవై ఆడిట్ల నాయకుడు!

అసలు విందు ఇప్పుడుంది. ‘ప్రముఖ సినీ నిర్మాణ సంస్థల పన్ను వ్యవహారాలు’. వెంగళరావు నగర్‌లో ఉంటూ రెజ్యూమేలో సినిమా లేకపోతే ఇంటి ఓనరు కూడా మర్యాదివ్వడు. మొదటి ప్రతిలో ఒక హీరో పేరు కూడా రాశాడు, ఆయన రిటర్న్ తనే వేశానని. తీసేయమన్నాను. క్లయింటు సంగతి బయటపెట్టకూడదన్నది వృత్తిలో మొదటి నియమం, అది ఆర్టికల్స్‌కి కూడా వర్తిస్తుంది. పైగా పాత క్లయింటు రహస్యాన్ని రెజ్యూమేలో పెట్టినవాడు రేపు కొత్త యజమాని రహస్యాన్ని ఎక్కడ పెడతాడో ఎదుటివాడు ఊహించుకోగలడు. ‘ఒక నిర్మాణ భాగస్వామ్య సంస్థ, ఏడాదికి రెండు సినిమాలు’ అంటే చాలు. పేరు తీసేస్తుంటే అతని మొహంలో ప్రాణం పోయింది. మరి అదంతా ఊళ్ళో చూపించుకునే సరుకు కదా.

పేరు పోయింది, విషయం మిగిలింది. “సరే, సినిమా ఎప్పుడు విడుదలైంది?” అని అడిగాను.

“దానికీ టాక్స్‌కీ ఏంటి సార్ సంబంధం?”

సంబంధమే టాక్స్. 1961 చట్టం కింద సినిమా తీసినవాడికి రూల్ 9ఏ అని ఒకటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, నంబర్లు మారతాయి. కానీ పాత సంవత్సరాల లెక్కలు, నోటీసులు, అప్పీళ్ళు ఇంకా చాన్నాళ్ళు ఈ నంబర్లతోనే నడుస్తాయి. ఆ రూల్ చెప్పేదేమిటంటే, సెన్సారైన ఏడాదిలోనే నిర్మాత ప్రదర్శన హక్కులన్నీ అమ్మేస్తే నిర్మాణ ఖర్చు మొత్తం ఆ ఏడాదే తీసుకోవచ్చు. అలా కాకుండా కొన్ని ఏరియాలు అమ్మి, కొన్ని తన దగ్గరే ఉంచుకుని సొంతంగా ఆడిస్తే, అప్పుడు తేదీ చూడాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం 90 రోజుల ముందు సినిమా విడుదలైతే ఖర్చంతా ఆ ఏడాదే. కాకపోతే ఆ ఏడాది ఎంత డబ్బు వచ్చిందో అంత వరకే ఖర్చు. మిగతాది పక్క సంవత్సరానికి వెళుతుంది.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. జనవరి 14 నుంచి మార్చి 31 దాకా రెండు రోజులూ కలుపుకుని 77. లీపు సంవత్సరమైతే 78. ఎలా లెక్కపెట్టినా 90 కాదు. అంటే తెలుగువాడు ఏడాదంతా ఎదురుచూసే సంక్రాంతి సినిమా, థియేటర్ల కోసం నిర్మాతలు ఛాంబర్‌లో పంచాయితీలు పెట్టుకునే సంక్రాంతి సినిమా, ఆదాయపు పన్ను దృష్టిలో ఆలస్యంగా వచ్చిన సినిమా. 2024 జనవరి 12న వచ్చిన ‘హనుమాన్’ అయినా, 2025 జనవరి 14న వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ అయినా తేదీ పరీక్షలో గట్టెక్కవు. 2021 డిసెంబర్ 17న వచ్చిన ‘పుష్ప’ గట్టెక్కుతుంది. తేదీల సంగతే చెబుతున్నాను సుమా, వాళ్ళ లెక్కల సంగతి కాదు. క్రిస్మస్ నాడు వస్తే పాస్, పండక్కి వస్తే ఫెయిల్. ఈ రూలు రాసినాయన మన అల్లుడు కాడని మాత్రం తెలుస్తోంది.

ఒక ఊహా సినిమా మీద వేసి చూద్దాం. నిర్మాత పుస్తకాల్లో సినిమా ఖాతాలో 21 కోట్లు ఉన్నాయి. బిల్లుల తేదీలు సెన్సార్ సర్టిఫికెట్ తేదీతో పోలిస్తే అందులో కోటి రూపాయలు సర్టిఫికెట్ వచ్చాక చేసిన పబ్లిసిటీ. అది ఈ రూలు దృష్టిలో నిర్మాణ ఖర్చు కాదు, ప్రింట్ల ఖర్చు కూడా కాదు. దాని సంగతి విడిగా తేల్చుకోవాలి కాబట్టి పక్కన పెడదాం. మిగిలింది 20 కోట్లు. నైజాం అమ్మాడు, కొన్ని ఏరియాలు ఉంచుకున్నాడు, సంక్రాంతికి విడుదల చేశాడు. మార్చి 31 నాటికి అన్నీ కలిపి వచ్చినవి 14 కోట్లు. మన కుర్రాడు ట్యాలీ చూసి ఇరవైలోంచి పద్నాలుగు తీసి, ఆరు కోట్ల నష్టమని రాశాడు. అదే సంస్థకి అదే ఏడాది దసరా సినిమా మీద ఆరు కోట్ల లాభం. లాభం ఆరు, నష్టం ఆరు, పన్ను సున్నా. నిర్మాత సంతోషించి స్వీట్లు పంపాడు, ఆఫీసులో అందరూ తిన్నారు.

రూలు ప్రకారం ఆ ఏడాది సంక్రాంతి సినిమా మీద తీసుకోగల ఖర్చు వచ్చిన డబ్బంతే, 14 కోట్లు. లాభమూ లేదు, నష్టమూ లేదు. మిగిలిన ఆరు కోట్లు పక్క ఏడాదికి. కాబట్టి దసరా లాభం ఆరు కోట్ల మీద భాగస్వామ్య సంస్థకి ముప్పై శాతం పన్ను, అంటే కోటి ఎనభై లక్షలు, సర్‌చార్జీ, సెస్సు, వడ్డీ అదనం. డబ్బు ఎక్కడికీ పోలేదు, వచ్చే ఏడు ఆ ఆరు కోట్లు తగ్గించుకోవచ్చు. కానీ ఈ ఏడాది కట్టాల్సినప్పుడు నిర్మాత దగ్గర ఉన్నదల్లా తర్వాతి సినిమాకి అడ్వాన్సులిచ్చిన రశీదులు.

దీన్ని పట్టుకోవడానికి మేధావి అక్కర్లేదు. మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాలి: సెన్సార్ సర్టిఫికెట్, విడుదల తేదీ తెలిపే ఏదన్నా ఆధారం, ఏ ఏరియా ఎవరికమ్మారో చెప్పే అగ్రిమెంట్లు. హక్కులన్నీ అమ్మారా, కొన్ని ఉన్నాయా అన్నది మూడోదాంట్లో తెలుస్తుంది. ఆ తర్వాత ఫారం 52ఏ ఉంది. ఏడాదిలో ఒక్కొక్కరికి యాభై వేలు దాటి ఇచ్చినవన్నీ నిర్మాత శాఖకి తెలపాలి. నటుడి దగ్గర్నుంచి డ్యాన్స్ మాస్టర్ దాకా. ఆ లిస్టుని టీడీఎస్ రిటర్న్‌తో పక్కపక్కన పెడితే ఇందులో ఉండి అందులో లేనివాళ్ళు వరసగా లేచి నిలబడతారు. “52ఏ చూశావా?” అన్నాను. “అది వేరే పార్ట్‌నర్ చూస్తారు సార్” అన్నాడు. ఒక్క సీఏ ఉన్న ఆఫీసులో వేరే పార్ట్‌నర్!

ఇంతా చేసి కుర్రాణ్ణే ఉతికి ఆరేస్తే నా వయసుకి మర్యాద కాదు. వీడికి ఈ విద్య నేర్పింది మేమే. ఆర్టికల్‌ని చేర్చుకున్న మొదటి నెలంతా జిరాక్సులు, రెండో నెల సార్ కారు లోను కాగితాలు, మూడో నెల సార్ గారబ్బాయి స్కూలు ఫీజు చలాన్లు. ఇవి శిక్షణ రికార్డులో ఎక్కడా ఉండవు. అక్కడ ‘ఇంటర్నల్ కంట్రోల్స్ పరిశీలన’ అని ఉంటుంది. రెండేళ్ళూ గడిచాక పూర్తయినట్టు ఫారం 108 మీద సంతకం, దాంతోపాటు ఒక అనుభవ పత్రం. ఆ పత్రం గత ఇరవై మంది ఆర్టికల్స్‌కి ఇచ్చిన ఫైలే, పేరు మార్చి. ఒకసారి ఒక అబ్బాయికిచ్చిన పత్రంలో సగం దూరం వెళ్ళాక ‘ఆమె’ అని ఉంది. అబద్ధం రాయడం ఈ కుర్రాళ్ళకి జిరాక్సు షాపువాడు నేర్పలేదు.

ఇక డమ్మీలు. రిజిస్టర్లో పేరుంటుంది, కుర్రాడు అమీర్‌పేట రీడింగ్ రూములో ఉంటాడు. స్టైపెండ్ బ్యాంకులో పడుతుంది, పడి ఎటు నుంచి వచ్చిందో అటే పోతుంది. ఇన్‌స్టిట్యూట్ దీన్ని తప్పుగా చూస్తుంది, దొరికితే సార్‌కీ కుర్రాడికీ ఇద్దరికీ ముప్పే. అయినా సాగుతుంది. ఒక విచిత్రం మాత్రం నేను గమనించాను. ఆఫీసు మొహం చూడనివాడి రెజ్యూమే రెండు పేజీలు ఉంటుంది, ప్రతి రంగంలోనూ అనుభవమే. బ్యాంకులు, ఫార్మా, రియల్ ఎస్టేట్, విద్యుత్తు. నిజంగా పనిచేసినవాడికి అంత తీరిక ఎక్కడిది, ఒకే గోడౌన్‌లో స్టాకు లెక్కపెడుతూ రెండు మార్చిలు పోయుంటాయి. డమ్మీని పట్టుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. “ఆ గోడౌన్‌లో స్టాకు లెక్కపెట్టిన రోజు తేడా వస్తే ఏం చేశావు?” అని అడగాలి. వెళ్ళినవాడు తిట్టుకుంటూ మొదలుపెట్టి పది నిమిషాలు ఆపడు. వెళ్ళనివాడు స్టాండర్డ్ నంబరు చెబుతాడు.

సరే, మన కుర్రాడి రెజ్యూమేని కూర్చుని తిరగరాశాం. నూట ఎనభై పోయి, ‘సుమారు ముప్పై టాక్స్ ఆడిట్ ఫైళ్ళలో వోచింగ్, 3సీడీ ముసాయిదా, సంతకం ప్రిన్సిపాల్‌ది’ అని వచ్చింది. దాని కింద కాంట్రాక్టరు, పదకొండు రోజులు, 3,26,700, క్లాజు 21(డి). జీఎస్‌టీ ఆడిట్ పోయి 2బి పోలికలు, ఏ తరహా తేడాలు ఎన్ని, ఎన్నింటికి క్రెడిట్ తిరిగొచ్చిందో వచ్చింది. నాయకత్వం పోయి ‘నగదు, బ్యాంకు, స్టాకు లెక్కింపు’ మిగిలింది. సినిమా దగ్గర రెండు రోజులు ఆలోచించి తనే రాసుకొచ్చాడు: ‘ఒక నిర్మాణ సంస్థ పుస్తకాలు ట్యాలీలో చూశాను. రూల్ 9ఏ కింద విడుదల తేదీ ప్రభావాన్ని తర్వాత చదివి తెలుసుకున్నాను.’ చివర్లో ‘పైన తెలిపినవన్నీ నాకు తెలిసినంత వరకు నిజం’ అన్న వాక్యం అలాగే ఉంచాం. మొత్తం ముప్పావు పేజీ.

పదిహేను రోజుల తర్వాత కనిపించాడు. ఒక కంపెనీ హెచ్‌ఆర్ ఆవిడ ఫోన్ చేసిందట. “మీ ప్రొఫైల్‌లో జీఎస్‌టీ ఆడిట్ లేదే, మాకు అది తప్పనిసరి” అందట. ఆ ఆడిట్ 2021లోనే పోయిందండీ అని ఇతను చెప్పబోతే, “మా జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉందండీ” అందట. ఆ ఉద్యోగం హాస్టల్లో ఇతని పక్క మంచం అబ్బాయికి వచ్చింది. అతని రెజ్యూమేలో రెండు వందల పది టాక్స్ ఆడిట్లున్నాయి. ఇంటర్వ్యూ పావుగంట. ఎన్ని అటెంప్ట్‌లు, ఎంత ఆశిస్తున్నారు, ఎప్పుడు చేరగలరు అని అడిగారట. ఆ మూడింటిలో మొదటిదానికి మాత్రమే అతను నిజం చెప్పాడట, మార్కుల మెమో ఎదురుగా ఉంది కనక.

“ఇప్పుడు మీరేమంటారు సార్?” అన్నాడు మనవాడు. చేతిలో పాత పేజీన్నర ప్రతి కూడా ఉంది.